జ్వరం వచ్చింది, ఆలోచనా వచ్చింది

ఈ రోజు సాయంత్రం మా అక్క కూతురు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. తన తెలుగు డైరీలోని ఒక పేరాను తానే ఇంగ్లీషులోకి మార్చుకుని దిద్దమని అడిగింది. తెలుగులో మొదటి మూడు వాక్యాలు ఇవి: “రాత్రి నాకు జ్వరం వచ్చింది. నిద్ర రాలేదు. తెల్లవారుజామున ఒక ఆలోచన వచ్చింది.” వాటిని మాటకు మాటగా “ఎ ఫీవర్ కేమ్ టు మీ”, “స్లీప్ డిడ్ నాట్ కమ్ టు మీ”, “యాన్ ఐడియా కేమ్ టు మీ” అని రాసింది. నేను మొదటి వాక్యం కింద గీత గీసి, రెండో దానిలో చివరి రెండు మాటలు కొట్టేసి, మూడో దాన్ని ముట్టుకోకుండా వదిలేశాను.

“పిన్నీ, మూడింటికీ వ్యాకరణం ఒకటే కదా, ఒకటి తప్పు, ఒకటి సగం తప్పు, ఒకటి ఒప్పు ఎలా అయ్యాయి?” అని అడిగింది. సూటిగా ఉన్న ప్రశ్నే. ఏ సూత్రం తప్పిందో చెప్పమంటే నేను చెప్పలేను, ఎందుకంటే ఏ సూత్రమూ తప్పలేదు. అందుకని కాగితం వెనక్కి తిప్పి “నేను ఒక జ్వరాన్ని కలిగి ఉన్నాను” అని రాసి, ఇందులో తప్పెక్కడుందో చూపించమన్నాను. పగలబడి నవ్వింది. కర్త ఉంది, కర్మ ఉంది, క్రియ ఉంది, విభక్తి కూడా సరిగానే ఉంది. అయినా జ్వరంతో మూలుగుతున్న మనిషి నోట ఆ వాక్యం రాదని ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. ఆమె మొదటి వాక్యం ఇంగ్లీషువాళ్ల చెవికి దాదాపు అలాగే తగులుతుంది.

అసలు చిక్కు “నాకు” దగ్గర ఉంది. నిద్ర, జ్వరం, కోపం, ఆలోచన అన్నీ తెలుగులో మన దగ్గరకు వచ్చేవే, మనం వాటిని అందుకునేవాళ్లమే. కాబట్టి వచ్చేది కర్త అవుతుంది, మనిషి “కు” తగిలించుకుని పక్కన నిలబడతాడు. ఇంగ్లీషులో ఇలాంటి చోట్ల ఎక్కువగా మనిషే కర్త అవుతాడు. జ్వరం సంగతి చెప్పేటప్పుడు “ఐ హ్యాడ్ ఎ ఫీవర్” అనో, “ఐ గాట్ ఎ ఫీవర్” అనో అంటారు. “ఐ కేమ్ డౌన్ విత్ ఎ ఫీవర్” అని కూడా అంటారని చెబితే ఆమె కళ్లు పెద్దవి చేసింది. అక్కడా రావడం ఉంది కానీ వచ్చింది జ్వరం కాదు, మనిషి! అయితే దీన్ని సూత్రంగా పట్టుకున్నా దెబ్బ తింటాం, ఎందుకంటే ఆలోచన మాత్రం ఇంగ్లీషులోనూ మనిషి దగ్గరకు వస్తుంది. “యాన్ ఐడియా కేమ్ టు మీ” అన్నది రోజూ వినిపించే మాట.

అందువల్ల వాక్యపు మూసను కాకుండా, ఆ మూసలో ఏ నామవాచకం కూర్చుందో చూడాలి. నేను చేసేది ఇంతే: తెలుగు వాక్యాన్ని చేత్తో మూసేసి, ఇంగ్లీషుది ఒక్కటే చదివి, దీన్ని ఎవరు, ఏ సందర్భంలో, ఎవరితో అంటారని అడుగుతాను. నిద్ర విషయంలో ఈ ప్రశ్న బాగా పనికొచ్చింది. “స్లీప్ డిడ్ నాట్ కమ్” అని కథ చెప్పేవాళ్లు రాస్తారు, డైరీలోనూ ఇముడుతుంది. పొద్దున్నే పలకరించినవాళ్లతో మాత్రం “ఐ కుడ్ నాట్ స్లీప్” అంటారు. ఆవులిస్తూ “స్లీప్ ఈజ్ కమింగ్ టు మీ” అని ఎవరూ అనరు. తెలుగు కాగితం ఎదురుగా ఉన్నంతసేపూ ఈ తేడా కనిపించదు, ఎందుకంటే తెలుగు వాక్యం సహజంగా ఉండటం వల్ల దాని నీడ కూడా సహజంగానే తోస్తుంది. నేనూ ఇలా ఎన్నిసార్లు మోసపోయానో!

అనుమానం తీరకపోతే నిఘంటువులో ఆ నామవాచకం కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఏ క్రియలు దాని పక్కన నిలిచాయో చూస్తాను. ఇంటర్నెట్‌లో వెతికి ఒకటి రెండు చోట్ల దొరికిందని నమ్మను, అక్కడ రాసినవాళ్లు కూడా మాలాగే మాటకు మాట మార్చినవాళ్లు కావచ్చు.

నాలుగో వాక్యం దగ్గర మాత్రం నాకే చెయ్యి ఆడలేదు. “నాకొక సందేహం ఉంది” అన్నదాన్ని “ఐ హావ్ ఎ డౌట్” అని రాసింది. మన దేశపు ఇంగ్లీషులో అది నిత్యం వినిపించే సహజమైన వాక్యమే. బయటి దేశాలవాళ్లు చదివితే మాత్రం తెలియనిదేదో అడగబోతోందని కాక, ఎదుటివాళ్ల మాట నమ్మడం లేదని అనుకోవచ్చు. వాళ్లయితే అక్కడ “క్వశ్చన్” అంటారు. ఎవరు చదవడానికి రాశావని అడిగితే ఇంకా అనుకోలేదంది. దాని పక్కన పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చేశాను.