ఎర్రగా లేదని లైనులో నిలబెట్టారు: నా అనుభవం

రక్తం వాంతి చేసుకున్న నాన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి రెండు రోజులైంది. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మాది కడప దగ్గర పల్లె. నాన్నకు మోకాళ్ల నొప్పులు. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రలను నెలల తరబడి, చాలాసార్లు ఖాళీ కడుపుతోనే మింగుతూ వచ్చారు. ఆ రోజు తెల్లవారుజామున రెండుసార్లు వాంతి చేసుకున్నారు. మా వరండాలో పరిచింది కడప నల్లరాయి. దాని మీద తీసిన ఫోటోలో తడి తప్ప ఏమీ కనిపించలేదు. మూడోసారి తెల్లటి పింగాణీ గిన్నె పట్టాను. అప్పుడు కనిపించింది: ముదురు గోధుమ రంగు నీళ్లలో నల్లటి నలకలు, ఫిల్టర్‌లో మిగిలిన కాఫీ పిప్పిలా.

ఫ్లాష్ ఆపి, గుమ్మం దగ్గర వెలుతురులో, పక్కన చెంచా పెట్టి ఇంకో ఫోటో తీశాను. 108 వచ్చింది. ఆ సిబ్బందికి చేతులెత్తి దండం పెడతాను.

అసలు కథ అత్యవసర విభాగం ముందు బల్ల దగ్గర మొదలైంది. అక్కడ కూర్చున్నాయన ఫోటో వైపు ఒక్క క్షణం చూసి, "సంగటి తిన్నాడా పెద్దాయన?" అన్నాడు. రాత్రి తిన్నది ఇడ్లీ అని చెప్పాను. "అయితే కాఫీ తాగుంటాడు. ఎర్రగా ఏమైనా ఉందా? లేదు కదా. ఓపీ చీటీ రాయించుకుని లైనులో నిలబడండి" అన్నాడు. నాన్న నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని చెప్పాను. "ఫోన్లు పట్టుకొచ్చి మాకు వైద్యం నేర్పుతారు" అని పక్కవాడితో నవ్వాడు. లైనులో ఉన్నవాళ్లందరూ నా వైపు చూశారు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సైన్సు చెబుతున్నవాణ్ణి, నోట మాట రాలేదు.

ఆయనకు తెలియనిది ఇదే. రక్తం పొట్టలో కాసేపు నిలిచిందంటే అక్కడి ఆమ్లం దాని ఎరుపును చంపేస్తుంది. ఎర్రగా లేనంత మాత్రాన రక్తం కాకుండా పోదు. రాగి సంగటి వాంతి అయితే తిన్న ముద్దలు ముద్దలుగా పడుతుంది. తిన్నదేమిటో ఇంట్లోవాళ్లకు తెలుసు. నలకల వాంతి తిండితో సంబంధం లేకుండా వస్తుంది. దాంతో పాటు మలం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కానీ, ఆ జిగట, ఆ వాసన ఉండవు. నాన్నకు ముందు రోజు నుంచే అలా అవుతోందట. సిగ్గుపడి చెప్పలేదు.

లైను పక్కగా వెళుతున్న నర్సమ్మకు గిన్నె ఫోటో చూపించాను. ఆమె ఫోటో మీద ఎక్కువసేపు ఆగలేదు. నాన్న మణికట్టు పట్టుకుని, "నాడి 120 ఉంది, స్ట్రెచర్ తెండి" అని అరిచింది. రంగు ఫోటోలో దొరుకుతుంది గానీ నాడి దొరకదు. బల్ల దగ్గర నేను మొదట చెప్పాల్సిన మాట "కాఫీ పిప్పి లాంటి వాంతి, నల్లటి మలం, కళ్లు తిరగడం" అని ఆమే చెప్పింది. మీరూ ఫోన్ ముందుకు చాపకండి, ఆ మూడు మాటలు ముందు అనండి.

లోపల ఇంకో తిరకాసు. మొదటి పరీక్షలో హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. "ఫరవాలేదు కదా" అని మా బావ ఇంటికి బయలుదేరబోయాడు. రక్తం పోయిన కొత్తలో ఆ అంకె పెద్దగా తగ్గదని, సెలైన్ ఎక్కి, ఒంట్లో నీరు సర్దుకున్నాక అసలు లోటు బయటపడుతుందని డాక్టరు గారు ఓపికగా చెప్పారు. మర్నాటికి 6.8 అయింది. రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో పొట్టలో పుండు కనిపిస్తే రక్తం కారకుండా దానికి క్లిప్ వేశారు.

మా బావ సంగతీ చెప్పాలి. కిందటి నెల ఆయన కఫంలో సన్నటి ఎర్ర చారలు కనబడితే, ఆ ఫోటో చూసి బంధువులంతా గోల చేశారు. వారంగా దగ్గి దగ్గి గొంతు ఒరుసుకుపోయింది, అంతే. అయినా ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించారు. చేయించాలి కూడా, క్షయ ఉందేమో చూడకుండా వదలకూడదు. ఆ పని పగటిపూట ఓపీలో అవుతుంది. దగ్గులో చెంచాల కొద్దీ రక్తం పడినా, ఆయాసంతో గులాబీ రంగు నురగ వచ్చినా మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. ఎర్ర చారకు అంత హడావుడి చేసిన చుట్టాల్లో ఒక్కరు కూడా నాన్న గిన్నె ఫోటోకు జవాబివ్వలేదు.

ఆ నొప్పి మాత్రలు మానేశారు. పుండుకు కారణమయ్యే సూక్ష్మజీవి కూడా ఉందని తేలడంతో 14 రోజుల మందులు రాశారు. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీకి రమ్మన్నారు. పొట్టలోని పుండ్లలో కొన్ని క్యాన్సర్ కావచ్చు కాబట్టి పూర్తిగా మానిందో లేదో చూడాలట. ఆ రోజు బల్ల దగ్గర అదే మనిషి ఉంటే ఫోటో చూపించను, చీటీ చూపిస్తాను.