కుర్చీ పాదం చివరి నుంచి లేచింది

చెల్లి నిన్న రాత్రి పంపిన పాట చరణంతోనే ఈ రోజంతా గడిచిపోయింది. నాన్న పడక్కుర్చీ గురించి రాసింది. నాన్న పోయాక కూడా అమ్మ రోజూ సాయంత్రం ఆ కుర్చీని కిటికీ వైపు తిప్పుతుంది. నాన్న ఉన్నప్పుడు ఆ వేళకి అక్కడే కూర్చునేవారు. విషయం అంత బలంగా ఉన్నా చరణం చదువుతుంటే నాలుక ఎక్కడో తట్టుకుంటోంది. "అక్కా, లెక్క సరిపోయింది, ప్రాస కుదిరింది, అయినా మనింటి మాటలా లేదు. ఎందుకో చూడు" అని రాసింది. ఆమె రాసింది ఇది:

మూలన ఉన్నది నాన్నది కుర్చీ
దుప్పటి అమ్మే వేసెను మార్చీ
తిప్పును సాయంకాలం రాగా
కిటికీ వైపుకు మెల్లగ బాగా

లెక్క నిజంగానే తప్పలేదు. నాలుగేసి మాత్రల గణాలు నాలుగు, పాదానికి పదహారు మాత్రలు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్న ఉన్న అక్షరానికి రెండు, ద్విత్వ సంయుక్తాక్షరాల ముందున్న అక్షరానికి రెండు అని వేలు మడుస్తూ వెళ్తే "మూలన" నాలుగు, "ఉన్నది" నాలుగు, "నాన్నది" నాలుగు, "కుర్చీ" నాలుగు. తాళం వేస్తే ఎక్కడా జారదు. అంటే లోపం ఛందస్సులో లేదు, ఛందస్సు కోసం మాటలకి జరిగినదానిలో ఉంది.

ఇలాంటప్పుడు నేను మొదట చేసేది, చిన్నప్పుడు పద్యాలకి రాసినట్టే అన్వయం రాసుకోవడం. పాదం కింద అదే సంగతిని ఇంట్లో చెప్పుకునే వరుసలో రాస్తాను: "మూలన నాన్న కుర్చీ ఉంది. అమ్మ దుప్పటి మార్చి వేసింది. సాయంత్రం దాన్ని కిటికీ వైపు తిప్పుతుంది." రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏ మాట చోటు మారిందో, ఏ మాట కొత్తగా వచ్చి చేరిందో కనిపిస్తుంది.

చోటు మారిన ప్రతి మాటా తప్పు కాదు. తెలుగులో క్రియ తర్వాత కూడా మాటలు వస్తాయి. "తెచ్చావా పాలు?" అంటాం. "వచ్చాడు మీవాడు" అంటాం. అయితే అక్కడికి వచ్చేది ఇద్దరికీ ముందే తెలిసిన సంగతి. పాలు తెమ్మన్నది మనమే, మీవాడి కోసం చూస్తున్నదీ మనమే. ఎదుటివాళ్లకి తెలియని కొత్త కబురు క్రియకి ముందే ఉండాలి, వీలైతే దాన్ని ఆనుకునే ఉండాలి. చెల్లి చరణంలో కొత్త కబురు కిటికీ. కుర్చీ ఎటు తిరుగుతుందన్నదే ఈ పాటకి ప్రాణం. ఆమె "తిప్పును" అని ముందే చెప్పేసి, మధ్యలో సాయంకాలాన్ని పెట్టి, కిటికీని కింది పాదానికి తోసింది. అక్కడికి చేరేసరికి దాని బలం తగ్గిపోయింది. పెద్దలు దూరాన్వయం అనేది దీన్నే.

"వేసెను మార్చీ" ఇంకా ఇబ్బంది. "మార్చి" లాంటి అసమాపక క్రియ తన తర్వాత ఇంకో పని జరగబోతోందని చెబుతుంది. దాన్ని వాక్యం ముగిశాక పెడితే వినేవాళ్లు ఆ రెండో పని కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు. పైగా "మార్చి"కి దీర్ఘం తీస్తే గాని "కుర్చీ"తో కలవలేదు. "వేసెను" కూడా అమ్మ నోట ఎన్నడూ వినని మాట. "వేసింది" అంటే అయిదు మాత్రలవుతుంది కాబట్టి "వేసెను" వచ్చి కూర్చుంది. ఇలా "కుర్చీ" అన్న ఒక్క మాటని నిలబెట్టడానికి చుట్టూ ఉన్న మాటలు వంగాయి.

తర్వాత పాదపూరణ మాటలు. వీటిని పట్టుకోవడం తేలిక. ఒక్కోదాన్ని వేలితో మూసి మిగతాది చదవాలి. అర్థం ఏమీ తగ్గకపోతే ఆ మాట మాత్రల కోసమే వచ్చిందన్నమాట. "రాగా" మూశాను, ఏమీ తగ్గలేదు. "బాగా" మూశాను, బాగుపడింది. మెల్లగా తిప్పుతుందా, బాగా తిప్పుతుందా? రెండూ ఒకేసారి కుదరవు. "రాగా"కి జోడీగా మాత్రమే "బాగా" వచ్చింది. "అమ్మే"లోని ఏకారం మాత్రం వేరు. అది మూస్తే అర్థం తగ్గుతుంది. ఇంకెవరూ కాదు, అమ్మే వేసిందని అది నొక్కి చెబుతోంది. దుప్పటి ఎవరు వేశారన్నది ఇక్కడ ఎవరూ అడగలేదు కదా. ఒక మాత్ర కోసం వచ్చిన ఏకారం చెల్లి అనని మాట ఒకటి అనేస్తోంది. "లే", "మరి", "కదా", "సుమా"ల కన్నా నాకు ఇలాంటివంటేనే ఎక్కువ భయం. అవి ఉత్తగా కూర్చుంటాయి, ఇవి అర్థాన్ని పక్కకి లాగుతాయి.

ఇంత జరగడానికి కారణం మొదటి పాదం చివర "కుర్చీ" కూర్చోవడం. దానితో కలిసే మాటలు వెతికితే మార్చి, చేర్చి, తీర్చి, కూర్చి అన్నీ అసమాపక క్రియలే. ఒక్కటీ వాక్యం ముగించలేదు. రెండో పాదం రాయకముందే దాని కాళ్లు విరిగిపోయాయి. కందం లాంటి పద్యాల్లో ప్రాస పాదం మొదట రెండో అక్షరం దగ్గర ఉంటుంది. అక్కడ ఇరుకైనా మార్చుకోవలసింది పాదాన్ని మొదలుపెట్టే మాట మాత్రమే, క్రియ తన చోట తాను ఉండవచ్చు. అంత్యప్రాస సరిగ్గా క్రియ కూర్చునే చోటనే పట్టుకుంటుంది. అందుకే గేయాల్లో ఈ వంకర వరుసలు ఎక్కువగా కనిపిస్తాయని నా నమ్మకం.

కాబట్టి రెండో పాదానికి మరమ్మతు చేస్తూ కూర్చోకుండా, మొదటి పాదం చివర నుంచి కుర్చీని లేపాలి. "నాన్నది కుర్చీ మూలన ఉన్నది" అని తిప్పి చూశాను. క్రియ తన చోటికి వచ్చింది. "ఉన్నది" ఇప్పటికీ జనం నోట ఉన్న మాటే కాబట్టి పేచీ లేదు. కానీ "నాన్నది కుర్చీ" అలాగే మిగిలింది. నాన్న కుర్చీ అంటాం గాని, నామం ముందు చేర్చి నాన్నది కుర్చీ అనం. "నాన్న" మూడే మాత్రలు, తర్వాత "కుర్చీ" గురువుతో మొదలవుతుంది కాబట్టి గణం పగులుతుంది. అందుకే చెల్లి ఆ "ది" తగిలించింది.

చాలాసేపు ఆ "ది" చుట్టూనే తిరిగాను. మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ పైకి అనుకుంటుంటే తట్టింది. "నాన్నది" అన్న రూపం ముందు కాదు, చివర ఉండాలి. "ఈ కుర్చీ ఎవరిది? నాన్నది." అక్కడ అది అచ్చంగా మన మాట. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం ముగుస్తుంది, ఆ ముగింపు నామం మీద పడుతుంది. ప్రాస కోసం నామాన్ని చివర పెట్టాలంటే బలవంతం లేని దారి ఇదే. "దుప్పటి కొత్తది, కుర్చీ నాన్నది." లెక్క చూస్తే నాలుగు నాలుగులు, పదహారు. "మార్చి వేసెను" అన్నదంతా "కొత్తది"లోకి వచ్చేసింది. "ఉన్నది"తో "నాన్నది" కలిసింది. చాలా సంతోషంగా అనిపించింది.

ఇక మొదటి పాదంలో కుర్చీ పేరు చెప్పనక్కర్లేదు. "పగలంతా అది మూలన ఉన్నది." ఇక్కడ "అది" పాదపూరణమేమో అని వేలితో మూసి చూశాను. తీసేస్తే ఏది ఉన్నదో తెలియదు, రెండో పాదంలో కుర్చీ పేరు వచ్చేదాకా అది పట్టి ఉంచుతోంది. ఉండనిచ్చాను.

కింది రెండు పాదాలకి నేనొక్కదాన్నే సరిపోలేదు. "చీకటి పడితే అమ్మే వచ్చి" అని ఎత్తుకుంటే మళ్లీ "వచ్చి" చివర పడింది, మళ్లీ అదే గొయ్యి. నాలుగో పాదం మాత్రం దొరికింది: "కిటికీ వైపుకు తిప్పి పెడుతుంది." కిటికీ క్రియని ఆనుకుని ఉంది, మాట ఇంట్లో అన్నట్టే ఉంది. దానికి జోడీగా "తుంది"తో ముగిసే క్రియ కావాలి. మాటల కోసం వెతకడం మానేసి చెల్లికి ఫోన్ చేశాను. "తిప్పేముందు అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగాను.

"దులుపుతుంది. నేను చేస్తానన్నా ఒప్పుకోదు, అది మాత్రం తనే చేస్తుంది" అంది.

ఆ మాటతో ఏకారానికి చోటు దొరికింది. ఇంకెవరినీ చెయ్యనివ్వదు కాబట్టి ఇప్పుడు "అమ్మే" అనడం నిజం.

పగలంతా అది మూలన ఉన్నది
దుప్పటి కొత్తది, కుర్చీ నాన్నది
సాయంత్రం అమ్మే దులుపుతుంది
కిటికీ వైపుకు తిప్పి పెడుతుంది

మూడో పాదంలో గణాలు మాటల మధ్యలో విరుగుతాయి: సాయం, త్రం అ, మ్మే దులు, పుతుంది. పాడితే ఇబ్బంది లేదు, పైగా మాట దగ్గరే ఆగి ఆగి నడిచే ఊపు కాస్త తగ్గి హాయిగా ఉంది. చెల్లికి ఒక అనుమానం మిగిలింది. "దులుపుతుంది, పెడుతుంది" కలిసింది ప్రత్యయాలే కదా, అది ప్రాస అవుతుందా అంది. నిజమే, అది పలచని ప్రాస. తెలుగులో చాలా వాక్యాలు అలా కలుస్తాయి. పాటంతా అలాగే నడిస్తే చప్పబడిపోతుంది. ఇక్కడ పైన "నాన్నది" గట్టిగా పడింది కాబట్టి కింద రెండు పాదాలు నెమ్మదిగా వెళ్లవచ్చని నా ఉద్దేశం. మాట వంకరపోవడం కన్నా ప్రాస పలచబడటం నయం. తను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, రెండు రోజులు పాడి చూస్తానంది.

రెండో చరణంలో రెండు "లే"లు ఉన్నాయి. "వచ్చేస్తాలే" అన్నది నాన్న బయల్దేరేటప్పుడు అమ్మకి చెప్పే మాట. ధైర్యం చెప్పే ఆ "లే" తీస్తే నాన్న గొంతే పోతుంది, దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. రెండోది "వాకిట ముగ్గే వేసెను లేలే" అన్న పాదంలో ఉంది. అక్కడ ఎవరూ ఎవరికీ ధైర్యం చెప్పడం లేదు. ఆ పాదం తనే విప్పుకుంటానంది. ముందు అన్వయం రాసి పంపమన్నాను.