నాన్న పుట్టినరోజుకి ఇంట్లోనే మాయాబజార్

నాన్నకి పాత సినిమాలంటే ప్రాణం. ఈసారి పుట్టినరోజుకి మొదట హెడ్‌ఫోన్స్ కొందామనుకున్నాను. కానీ ఆయన సినిమా చూసేది పక్కవాళ్లతో మాట్లాడుకుంటూ. చెవులు మూసేసే వస్తువు ఆయనకెందుకు? అందుకని ప్రొజెక్టర్ ఒక రోజుకి అద్దెకి తెచ్చి, హాల్లో అందరం కలిసి 1957 నాటి మాయాబజార్ చూసేలా ఏర్పాటు చేశాను. 2010లో వచ్చిన రంగుల వెర్షన్ కాదు, నలుపు తెలుపుదే కావాలన్నారు నాన్న.

ఆ మాటతోనే అసలు పని మొదలైంది. ప్రొజెక్టర్ వెలుగునే వేయగలదు, నలుపుని వేయలేదు. తెర మీద కనిపించే నలుపంతా గోడ మీది చీకటే. గదిలోకి కాస్త వెలుతురు వచ్చినా నలుపు బూడిదరంగైపోతుంది, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణంలోని వెలుగునీడలు చదునైపోతాయి. మా హాల్లోకి వీధి దీపం వెలుతురు వెంటిలేటర్లోంచి పడుతుంది. దానికి అట్టముక్క అంటించి, కిటికీలకి మందపాటి కర్టెన్లు కట్టాను. దుప్పటి కడితే ముడతలు కనిపిస్తాయి, వెలుతురు కొంత వెనక్కి పోతుంది. అందుకే తెల్లగోడనే తెర చేసుకున్నాం.

తర్వాత దూరం. మా ప్రొజెక్టర్ త్రో రేషియో 1.5, అంటే 6 అడుగుల వెడల్పు ఫ్రేముకి 9 అడుగుల దూరం కావాలి. ఆ ఫ్రేము ఎత్తు దాదాపు 3.4 అడుగులు. పాత సినిమా బొమ్మ ఇంచుమించు చదరంగా ఉంటుంది కాబట్టి అందులో నాలుగున్నర అడుగుల వెడల్పే నిండుతుంది, రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. "జూమ్ చేసి నింపెయ్‌రా" అంది అమ్మ. చేసి చూపించాను. ఘటోత్కచుడి కిరీటం పైన తెగిపోయింది. అలా వద్దంటే వద్దన్నారు నాన్న.

ముందు రోజు రాత్రే ఓ పది నిమిషాలు వేసి చూడటం మంచిదైంది. బ్లూటూత్ స్పీకర్‌లో మాట పెదాల కంటే కాస్త ఆలస్యంగా వస్తోంది. ఎవరైనా దగ్గరగా కనిపించి మాట్లాడే సీన్ పెడితే ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. మామూలు ఆక్స్ కేబుల్‌తో స్పీకర్ కలిపితే సరిపోయింది. సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి చిన్న కానుక ఇవ్వాలనుకుంటే నేనైతే పోస్టర్ కంటే పొడవైన ఆక్స్ కేబుల్, ఒక మంచి కర్టెన్ ఇస్తాను. ఏళ్ల తరబడి పనికొస్తాయి.

సినిమా దాదాపు మూడు గంటలు. ఏడింటికి మొదలుపెట్టి సగంలో ఆపి, మిరపకాయ బజ్జీలు, టీ ఇచ్చాం. అత్తయ్య, బాబాయి ఆ ఇంటర్వెల్‌లోనే తమ ఊరి టెంటు హాలు కబుర్లు ఎత్తుకున్నారు. రెండో సగంలో మాయా శశిరేఖగా సావిత్రి మగాడి ఠీవితో నడుస్తుంటే నాన్న రిమోట్ అడిగి తీసుకుని, ఆ సీన్‌ని వెనక్కి తిప్పించి మళ్లీ చూశారు. వచ్చే దసరాకి గుండమ్మ కథ పెట్టమన్నారు.