చెల్లి ఫోన్ చేస్తే లోన్ ఏజెంట్ పేరు: నా అనుభవం

నేను బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటాను. మదనపల్లెలో నాన్నగారిని చూసుకుంటున్న మా చెల్లి ఈ మధ్యనే కొత్త సిమ్ తీసుకుంది, ఆ నంబరును నేను వెంటనే నా ఫోన్‌లో ఆమె పేరుతో సేవ్ చేసుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆఫీసులో ఉండగా "లోన్ ఏజెంట్" అనే పేరుతో వరుసగా మూడు కాల్స్ వచ్చాయి, మూడూ కట్ చేశాను. సాయంత్రం వేరే ఫోన్ నుంచి చెల్లి మాట్లాడింది. "అక్కా, నాన్నకు జ్వరం ఎక్కువైతే మూడుసార్లు చేశాను, ఎందుకు కట్ చేశావు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కాల్ జాబితా తెరిచి చూస్తే తప్పు ఒక్క నంబరుతో ఆగలేదని అర్థమైంది. సేవ్ చేసుకున్నవారిలో కొందరు ఉత్త నంబర్లుగా, కొందరు నేను ఎన్నడూ పెట్టని పేర్లతో కనిపిస్తున్నారు. కానీ కాంటాక్ట్స్ యాప్‌లో వెతికితే చెల్లి పేరు, నంబరు సరిగ్గానే ఉన్నాయి. పేరు పుస్తకంలో ఉండి కూడా కాల్ వచ్చినప్పుడు కనిపించడం లేదంటే, కాల్ చూపించే యాప్ ఆ పుస్తకాన్ని చదవడం లేదన్నమాట.

దాన్ని నిర్ధారించుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేశాను. చాలాకాలంగా నాకు ఫోన్ చేయని పై అంతస్తు అక్కను పిలిచి, మొదట నా మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపి కాల్ చేయించాను; ఉత్త నంబరు వచ్చింది. తర్వాత నెట్ ఆన్ చేసి మళ్లీ చేయించాను. ఈసారి ఆమె పేరు స్థానంలో వాళ్లాయన పేరు, పక్కన ఆయన కంపెనీ పేరు వచ్చాయి. నెట్ ఉంటే ఒక పేరు, లేకపోతే నంబరు మాత్రమే వస్తోందంటే, ఆ పేరు నా ఫోన్‌లోది కాదు, ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి వస్తోంది.

కారణం నేనే చేసిన రెండు పనుల్లో దొరికింది. స్పామ్ కాల్స్ భరించలేక నెల క్రితం ఒక కాలర్ ఐడీ యాప్ పెట్టుకున్నాను. మొదటిసారి తెరిచినప్పుడు అది తనను ప్రధాన ఫోన్ యాప్‌గా చేయమంటే సరేనన్నాను. దాంతో కాంటాక్ట్స్ అనుమతి కూడా దానికి వెళ్లిపోయింది; బంధువుల నంబర్లన్నీ ఎవరి చేతికో వెళతాయన్న భయంతో తర్వాత సెట్టింగ్స్‌లో ఆ అనుమతిని తీసేశాను. కాల్ తెర మొత్తం ఆ యాప్ చేతిలో ఉంది, నా కాంటాక్ట్స్ మాత్రం దానికి కనిపించవు, కాబట్టి అది తన సర్వర్‌లో దొరికిన పేరునే చూపించేది. ఆ పేర్లు చాలావరకు ఇతరులు తమ ఫోన్లలో ఆ నంబరుకు పెట్టుకున్నవి. చెల్లి నంబరు ఇంతకుముందు మరెవరిదో అయి ఉండాలి. మన దేశంలో రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి వేరొకరికి ఇస్తారు, కానీ పాత యజమానికి జనం పెట్టిన పేరు ఆ సర్వర్‌లో అలాగే ఉండిపోతుంది.

అనుమతి ఇస్తే సరిపోయేది, కానీ ఆ భయం అర్థం లేనిదని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. మన పుస్తకంలో ఉన్నవాళ్లెవరూ ఆ అనుమతి ఇవ్వలేదు కదా. అందుకే వేరే దారి పట్టాను. సెట్టింగ్స్‌లో Apps, అందులో Default apps తెరిచి, Phone app దగ్గర ఫోన్‌తో పాటు వచ్చిన యాప్‌ను మళ్లీ ఎంచుకున్నాను. దాని Permissions లో Contacts అనుమతి ఉందని చూసుకున్నాను. అదే Default apps లో Caller ID & spam app అని వేరే వరుస ఉంటుంది; అక్కడ ఆ కాలర్ ఐడీ యాప్‌ను ఉంచి, ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతిని మాత్రం తీసేశాను, ఎందుకంటే ఆ అనుమతి ఉంటే దాని కార్డు అసలు పేరును కప్పేస్తుంది. చెల్లితో కాల్ చేయించాను. ఈసారి ఆమె పేరే వచ్చింది.

నాన్నగారి కాల్ ఒక్కటే ఇంకా నంబరుగానే వచ్చింది. ఆయన పేరును కాంటాక్ట్స్‌లో వెతికితే అసలు లేదు, అంటే ఇది అనుమతుల సమస్య కాదు. పాత ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన నంబరును ఆఫీసు ఖాతాలో సేవ్ చేశాను. ఉద్యోగం మారి ఆ ఖాతాను ఫోన్ నుంచి తీసేయగానే దానితో పాటు ఆయన పేరూ పోయింది. ఇప్పుడు సేవ్ చేసేటప్పుడు పైన ఏ ఖాతా కనిపిస్తోందో చూసి, నా సొంత జీమెయిల్ ఖాతాను ఎంచుకుని, ముందు +91 చేర్చి నాన్నగారి నంబరును మళ్లీ రాసుకున్నాను.

అయితే చెల్లి నంబరు ఆ యాప్ వాడే మిగతావాళ్ల ఫోన్లలో ఇంకా లోన్ ఏజెంట్‌గానే కనిపిస్తోంది. ఆ పేరు మార్చమని చెల్లి ఆ యాప్‌కు వినతి పంపింది. అది జరిగేవరకు మా బంధువులందరికీ ఆ నంబరు ఎవరిదో నేనే ఫోన్ చేసి చెబుతున్నాను.