వాట్సాప్ చాట్‌లోనే పచ్చళ్ల బిల్లు కట్టిన తీరు

పుణెలో ఉంటున్న మా చెల్లెలికి పచ్చళ్లు పంపించడం కోసం చిక్కడపల్లిలోని ఒక చిన్న దుకాణానికి వాట్సాప్‌లో ఆర్డరు పెట్టాను. కేటలాగు తెరిచి, ఆవకాయ కిలో రూ. 600, గోంగూర అరకిలో రూ. 250 చొప్పున కార్టులో వేసి పంపాను. చాలామంది ఇక్కడితో ఆర్డరు ఖాయమైందనుకుంటారు గాని, కార్టు పంపడమంటే ఫలానా వస్తువులు కావాలని దుకాణదారుకు చెప్పడమే. అందులో కనిపించే మొత్తం అంచనా మాత్రమే. సరుకు ఉందో లేదో చూసి, కొరియరు ఖర్చు రూ. 90 కలిపి, ఆయన రూ. 940కి బిల్లు పంపాక, దాని కింద Review and pay అనే బటన్ వచ్చింది.

బటన్ నొక్కి యూపీఐ ఎంచుకోగానే, పిన్ అడిగే ముందు, డబ్బు అందుకునేవారి పేరు తెరమీద కనిపించింది. అది దుకాణం పేరు కాదు, ఎవరో ఒక మహిళ పేరు. చిన్న వ్యాపారాల్లో ఖాతా ఇంట్లోవారి పేరున ఉండడం మామూలే అయినా, చాట్‌లో అడగకుండా దుకాణం బోర్డు మీది నంబరుకే ఫోన్ చేశాను. చాట్‌లో ఉన్నది అసలు దుకాణదారేనా అన్నదే సందేహమైనప్పుడు, ఆ చాట్‌లోనే అడిగి ఏం లాభం? అది తన భార్య పేరని ఆయన చెప్పాక పిన్ కొట్టాను.

బ్యాంకు నుంచి రూ. 940 డెబిట్ అయినట్టు ఎస్సెమ్మెస్ వచ్చింది. చాట్‌లో మాత్రం పెండింగ్ అనే ఉంది. మన ఖాతాలోంచి డబ్బు పోవడం, అవతలి ఖాతాలో పడడం వేర్వేరు మెట్లు కాబట్టి, రెండో బ్యాంకు జవాబు ఆలస్యమైతే ఇలా మధ్యలో ఆగుతుంది. స్క్రీన్‌షాట్ పంపితే, "సార్, మాకింకా పడలేదు, మళ్లీ మాత్రం కొట్టకండి" అన్నాడాయన. నిజానికి అప్పుడు పనికొచ్చేది స్క్రీన్‌షాట్ కాదు, లావాదేవీ వివరాల్లో ఉండే పన్నెండంకెల యూటీఆర్ నంబరు. దాన్ని పంపితే ఆయన తన ఖాతా స్టేట్‌మెంటులో సరిచూసుకోగలడు. ఒకవేళ డబ్బు దుకాణానికి చేరినట్టు ఖరారు కాకపోతే, రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నిబంధన ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తరవాత ఐదు రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. ఈ సంగతి తెలిసి ఉండడం వల్లనే రెండోసారి కట్టాలన్న తొందర నాకు కలగలేదు.

సాయంత్రానికి పెండింగ్ పోయి, చెల్లింపు పూర్తయినట్టు చాట్‌లో కనిపించింది. అయినా దుకాణం వైపు నుంచి ఆర్డరు ఖరారైనట్టు సందేశం వచ్చేదాకా ఆగి, అందులోని ఆర్డరు నంబరు, మొత్తం బిల్లుతో సరిపోయాయని చూసుకున్నాకే చెల్లెలికి ఫోన్ చేసి పార్సిల్ వస్తుందని చెప్పాను.