ఎవరూ లేనివారికి ఆఖరి దోసిలి

యేషాం న మాతా న పితా న బంధుః నాన్యగోత్రిణః |
తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః ||

మహాలయ అమావాస్యనాడు తర్పణం విడిచేవారు చివర్లో చెప్పే శ్లోకమిది. ఎవరికి తల్లి లేదో, తండ్రి లేడో, బంధువు లేడో, వేరే గోత్రంవాళ్ళు కూడా లేరో, వాళ్ళందరూ నేను విడుస్తున్న ఈ దర్భనీళ్ళతో తృప్తి పొందాలి అని అర్థం. అప్పటికి కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. చెంబులో నీళ్ళు అడుగంటి ఉంటాయి. చాలామంది గబగబా చదివి లేచేస్తారు. అయితే తర్పణం మొత్తం ఎటు నడుస్తోందో తెలిసేది ఈ శ్లోకం దగ్గరే.

అక్కడికి చేరే దారి చూద్దాం. దక్షిణముఖంగా కూర్చుంటారు. యజ్ఞోపవీతాన్ని కుడి భుజం మీదికి మార్చి ప్రాచీనావీతి చేసుకుంటారు. ఉంగరపు వేలికి పవిత్రం ఉంటుంది. శుభకార్యానికి రెండు దర్భలతో చేసే పవిత్రం పితృకార్యానికి మూడు దర్భలతో చేస్తారు. ఎదురుగా పళ్ళెంలో దర్భలు, పక్కన చెంబెడు నీళ్ళు, గుప్పెడు నల్లనువ్వులు. నీళ్ళు జారాల్సింది బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుంచి. దాన్ని పితృతీర్థం అంటారు. వేళ్ళ కొసలనుంచి జారితే అది దేవతీర్థం. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. చెయ్యి ముందుకు వంచితే నీళ్ళు కొసలకే పోతాయి, అందుకని అరచేతిని బొటనవేలి వైపు ఒరగనివ్వాలి. నువ్వులు కూడా చిటికెడు చాలు. ఎక్కువైతే తడి అరచేతికి అంటుకుపోయి నీళ్ళతో దిగవు.

ఇక పేర్లు. ఒక గృహస్థును ఊహించుకుందాం. తండ్రి లేడు, తల్లి ఉంది. తాత పేరు తెలుసు, ముత్తాత పేరు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. పిల్లలు లేకుండా పోయిన మేనమామ ఒకాయన ఉన్నాడు. మొదట తండ్రిని గోత్రనామాలతో తలచి, వసురూపుడిగా భావించి, "స్వధా నమస్తర్పయామి" అంటూ మూడుసార్లు నీళ్ళు విడుస్తాడు. తర్వాత తాత, రుద్రరూపుడు. ఆ పైన ముత్తాత, ఆదిత్యరూపుడు. తల్లి బతికే ఉంది కనుక ఆమె పేరు ఎత్తకూడదు, నాయనమ్మతో మొదలుపెట్టి పై తరానికి వెళ్ళాలి. పేర్లు రాసిన ఎప్పటి కాగితమో ముందు పెట్టుకుని చదివేవాళ్ళు ఇక్కడే తప్పుతారు. తల్లి ఉన్నప్పుడు రాసుకున్న కాగితాన్ని తల్లి పోయాక సరిచూడకుండా వాడకూడదు, తల్లి లేనివాళ్ళ కాగితాన్ని తల్లి ఉన్నవాళ్ళు వాడకూడదు. ఆ తర్వాత తల్లి పుట్టింటివైపు తాతలు, అమ్మమ్మలు.

ముత్తాత పేరు తెలియకపోతే ఏమిటి? శాస్త్రం దీన్ని ముందే ఆలోచించింది. పేర్లు తెలియనివాడు పిండం పెట్టేటప్పుడు మొదటి తరాన్ని పృథివిలో ఉన్నవారని, రెండో తరాన్ని అంతరిక్షంలో ఉన్నవారని, మూడో తరాన్ని ద్యులోకంలో ఉన్నవారని చెప్పి ఇవ్వమని ఆపస్తంబుడు చెప్పాడు. గోత్రం తెలియకపోతే కాశ్యపగోత్రం చెప్పడం వాడుక. పేరు పోయినంత మాత్రాన ఆ మనిషి చోటు పోదు. పేరుకు బదులుగా ఆకాశంలో ఒక అంతస్తు చెబుతున్నారంతే.

మూడు తరాలే ఎందుకని చాలామంది అడుగుతారు. ఆ మూడూ పంక్తిలో ఆకు వేసి కూర్చోబెట్టేవి. వాటికి పై మూడు తరాలు లేపభాగులు. శ్రాద్ధంలో పిండాలు పెట్టాక చేతికి అంటిన అన్నాన్ని దర్భలకు తుడుస్తారు, అదే వాళ్ళ భాగం. నాకు ఈ మొత్తం తంతులో మనసు ఎక్కువగా కదిలే చోటు ఇదే. అరచేతికి మిగిలిన నాలుగు మెతుకులకు కూడా ఎదురుచూసేవారున్నారని, వాటిని కడిగి పారబోయకూడదని గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత వచ్చేది కారుణ్య తర్పణం. మేనమామ ఇక్కడికి వస్తాడు. మేనత్తలు, అక్కచెల్లెళ్ళు, అత్తమామలు, గురువు, స్నేహితుడు, ఇంటిని నమ్ముకుని పనిచేసినవాళ్ళు, అందరూ వస్తారు. రక్తసంబంధం వరసనుంచి ప్రేమ వరసలోకి మారుతున్నాం. ఆ వరస కూడా అయిపోయాక మొదట చెప్పిన శ్లోకం వస్తుంది, ఏ వరసా లేనివాళ్ళ కోసం.

దాని వెంటే ఇంకొకటి ఉంది. యజ్ఞోపవీతాన్ని మాలలా వేసుకుని, "యే కే చాస్మత్కులే జాతాః అపుత్రా గోత్రిణో మృతాః, తే గృహ్ణంతు మయా దత్తం వస్త్రనిష్పీడనోదకం" అని బట్ట పిండుతారు. మన వంశంలో పుట్టి సంతానం లేకుండా పోయినవాళ్ళకు ఆ పిండిన నీళ్ళు. నదిలో స్నానం చేసి వచ్చినవాళ్ళు తర్పణం కాకముందే తడిబట్ట పిండేసుకోవడం పెద్ద తప్పుగా చెబుతారు. తమకు రావలసింది ముందే నేలపాలైందని పితృదేవతలు నిరాశతో వెనుదిరుగుతారట. పిండేది కూడా నీళ్ళలో కాదు, ఒడ్డున నేలమీద. పైన మేనమామకు పేరు పెట్టి ఇచ్చాం. పేరే పెట్టకముందు పోయిన పసివాళ్ళకు ఇంట్లో ఈ బట్టనీళ్ళే దిక్కు.

ఇలా దిక్కులేనివాళ్ళకు ఒక వాటా తీసిపెట్టడం మన దగ్గరే కాదు. జపాన్‌లో ఒబోన్ పండగకు ఇంటి పెద్దలను పిలిచి ఆహారం పెట్టేటప్పుడు, వాళ్ళ పీఠానికి ఎడంగా, తలచేవారు లేని మృతుల కోసం వేరే భాగం పెట్టే ఆచారం చాలాచోట్ల ఉంది. చైనీయులు ఏడో నెలలో పెద్దలకు ఇంట్లో పెట్టి, తిరుగాడే ఆత్మలకు ఇంటి బయట, దారి పక్కన పెడతారు. మనం ఒకే ఆసనం మీద కూర్చుని, ఒకే చెంబులో నీళ్ళతో ఆ గడప దాటుతాం. తేడా అంతే.

మంత్రాలు రానివాళ్ళకూ దారి ఉంది. తెలంగాణలో పెత్రమాస అని పిలిచే ఈ మహాలయ అమావాస్యనాడు బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇచ్చి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పిస్తారు. పెద్దలకు బియ్యమిచ్చుడు అంటారు. అప్పుడు కూడా పేరు గుర్తురాని పెద్దల కోసం ఓ దోసెడు ఎక్కువ పోసే ఇల్లాళ్ళు ఉంటారు. మాటల్లో "నీళ్ళొదులుకోవడం" అంటే ఆశ వదులుకోవడం. తర్పణంలో నీళ్ళు వదిలేది ఆ మనిషిని వదులుకోలేకే.

తండ్రి ఉన్నవాడు పితృతర్పణం చేయడు. వాడికి కూడా ఒక రోజుంది, మాఘ శుద్ధ అష్టమి. ఆనాడు తండ్రి ఉన్నవాళ్ళు సైతం భీష్ముడికి నీళ్ళివ్వవచ్చు. "అపుత్రాయ దదామ్యేతజ్జలం భీష్మాయ వర్మణే" అంటారు. కొడుకులు లేని ఆ తాతకు, ఎవరి కొడుకైనా సరే, దోసిలి పట్టవచ్చు.