ఆరు రేకుల ముగ్గు, రెండే మడతలు

మొదటి ఆదివారం

మా పాప మూడో తరగతి, మా అక్క కొడుకు ఐదో తరగతి. సెలవులకు ఇద్దరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి అద్దాలు, ముగ్గులు, కాగితం మడతలతో సౌష్ఠవం వెతకడం మొదలుపెట్టాం. ఏ రోజు ఏం చేశామో, ఎక్కడ తప్పిందో ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

సామాన్లు పెద్దగా లేవు. ఒకే సైజు చిన్న అద్దాలు రెండు తీసుకుని, అంచులు కోసుకోకుండా చుట్టూ టేపు అంటించాను. తర్వాత వాటి ముఖాలు ఎదురెదురుగా ఉండేలా ఒకదానిమీద ఒకటి పెట్టి, ఒక పక్క అంచు వెంబడి వెనక నుంచి టేపు వేశాను. పుస్తకంలా తెరుచుకుంటాయి, నిలబెడితే నిలబడతాయి. మొదట టేపు మరీ బిగించి వేయడంతో తెరుచుకోలేదు. అద్దాల మధ్య ఒక అట్టముక్క పెట్టి మళ్ళీ వేస్తే సరిపోయింది.

ఈరోజు ఒక్క అద్దంతోనే పని. దీర్ఘచతురస్రం గీసి, దాని కర్ణం మీద అద్దం నిలబెట్టి చూడమన్నాను. పాప చూసి, "రెండు పక్కలా ఒకేలా ఉంది, ఇది సౌష్ఠవ రేఖే" అంది. వాడూ అంతే అన్నాడు. తప్పు వాళ్ళది కాదు, నేను అడిగిన తీరుది. అద్దం ఏ బొమ్మ మీద పెట్టినా రెండు పక్కలా ఒకేలానే చూపిస్తుంది, దాని పనే అది. అద్దంలో కనిపించే సగం, అద్దం వెనక దాగిన అసలు సగం ఒకటేనా అన్నది చూడాలి. కర్ణం మీద పెట్టినప్పుడు అద్దం చూపించింది గాలిపటం ఆకారాన్ని. కాగితం మీద ఉన్నది దీర్ఘచతురస్రం.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. అద్దం పెట్టాక కనిపించే మొత్తం బొమ్మ ఏ ఆకారమో ముందు నోటితో చెప్పాలి. తర్వాత అద్దం ఎత్తి, అదే ఆకారం ఉందో లేదో చూడాలి. ఇంకా అనుమానం ఉంటే ఆ గీత మీద మడిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని అంచులు కలిశాయో లేదో చూడాలి. ఇలా చేశాక దీర్ఘచతురస్రానికి రెండే గీతలు మిగిలాయి. పాప చాలాసేపు ఒప్పుకోలేదు, తనే నాలుగుసార్లు మడిచి చూసుకుంది. నాకు అదే నచ్చింది.

బుధవారం

రెండు అద్దాల పుస్తకం బయటికి తీశాం. మధ్యలో ఒక గింజ పెట్టి, అద్దాలను 90 డిగ్రీలు తెరిస్తే అసలుదానితో కలిపి నాలుగు గింజలు, 60 డిగ్రీలకు ఆరు, 45కి ఎనిమిది కనిపించాయి. 360ని ఆ కోణంతో భాగిస్తే వచ్చేదే ఆ లెక్క అని పెద్దవాడే పట్టుకున్నాడు. భాగహారం తెగని కోణాల దగ్గర అద్దాలు కలిసే చోట బొమ్మ విరిగినట్టు కనిపిస్తుంది. ఈ వయసుకు అక్కడితో ఆపేశాను.

శనివారం

ఇక అసలు కథ. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అనే ముగ్గు అందరికీ తెలిసిందే. మధ్య వరసలో ఏడు చుక్కలు పెట్టి, పైకీ కిందికీ సందుల్లో చుక్కలు పెడుతూ ఆరు, ఐదు, నాలుగు దాకా వెళ్ళాలి. మొత్తం 37 చుక్కలు. బయటి చుక్కలన్నీ కలిపితే ఆరు భుజాలు, ప్రతి భుజంలోనూ నాలుగు చుక్కలు. ఏడు నుంచి నాలుగు దగ్గరే ఎందుకు ఆపుతారో పిల్లలకు ఈ లెక్కతోనే తెలిసింది. మూడు దాకా వెళ్తే పై భుజానికి మూడు చుక్కలే వస్తాయి, పక్క భుజాలకు ఐదు వస్తాయి.

ఇద్దరూ గళ్ళ నోట్‌బుక్‌లో పెట్టారు. ఒక్కో గడి సెంటీమీటరు కాబట్టి చుక్కకూ చుక్కకూ మధ్య రెండు గళ్ళు, వరసకూ వరసకూ మధ్య కూడా రెండు గళ్ళు. సందు చుక్క సరిగ్గా సగంలో, ఒక గడి జరిపి. మధ్య చుక్క నుంచి ఆరు మూలలకూ ఆరు రేకులు వేశారు. శుభ్రంగా ఉంది. ఆరు రేకులున్నాయి కాబట్టి కనీసం ఆరు సౌష్ఠవ రేఖలు ఉండాలని పెద్దవాడు ముందే ప్రకటించేశాడు.

కత్తిరించి మడిచాం. నిలువు మడత సరిపోయింది. అడ్డం మడత సరిపోయింది. ఏటవాలు మడతలు నాలుగూ తప్పాయి. చుక్క మీద చుక్క పడటం లేదు, అంచు ఒక పక్క బయటికి వస్తోంది. మళ్ళీ మడిచినా అంతే. అద్దాల పుస్తకం 60 డిగ్రీలకు తెరిచి, ఒక రేకు మొత్తం మధ్యలో ఉండేలా నిలబెడితే అద్దాల్లో చక్కటి ఆరు రేకుల పువ్వు కనిపించింది. అద్దాలు ఎత్తితే కాగితం మీద అంత చక్కగా లేదు. అప్పుడు మా పాప అంది, "అడ్డం రేకులు పొట్టిగా ఉన్నాయమ్మా" అని.

స్కేలుతో కొలిచాం. ఎదురెదురు మూలల మధ్య దూరం అడ్డంగా 12 సెంటీమీటర్లు. ఏటవాలుగా ఉన్న రెండూ 13.4. అడ్డం రేకు 6 సెంటీమీటర్లుంటే మిగిలిన నాలుగు రేకులు 6.7 వచ్చాయి. పక్కపక్క చుక్కల మధ్య దూరం రెండు, సందు చుక్కకు ఏటవాలుగా కొలిస్తే 2.2. అంటే పిల్లల చెయ్యి తప్పలేదు, గళ్ళే వాళ్ళను తప్పించాయి. ముగ్గు నిలువుగా సాగిపోయింది.

ఇది కంటికి తెలియడం కష్టం. పైగా చూడగానే తప్పుగా కాకుండా కాస్త పొడుగ్గా, అందంగానే కనిపిస్తుంది. ఇకనుంచి మడవడానికి ముందే దారంతో మూడు పొడుగు కర్ణాలు కొలవాలని నిర్ణయించుకున్నాం. మూడూ సమానం కాకపోతే ఏటవాలు మడతలు కుదరవు.

ఆదివారం పొద్దున్న

మా అమ్మ వాకిట్లో ఇదే ముగ్గు వేసింది, స్కేలూ గళ్ళూ లేకుండా. పిల్లలు దారం పట్టుకుని వెళ్ళి కొలిచారు. మూడు కర్ణాలూ దాదాపు ఒకటే! అమ్మమ్మ చుక్కల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లు, వరసల మధ్య దూరం మాత్రం ఐదుకు కొంచెం పైన.

"అమ్మమ్మా, వరసలు దగ్గరగా ఎందుకు పెట్టావు?" అని అడిగాడు మనవడు.

"నేను వరస దూరం చూడను నాన్నా. పైన ఉన్న రెండు చుక్కలకీ, కింద పెట్టే చుక్కకీ దూరం ఒకటేనా కాదా, అదే చూస్తాను" అంది.

నేను నిన్న గంటసేపు చెప్పలేకపోయింది అమ్మ ఒక్క మాటలో చెప్పేసింది. మూడు చుక్కల మధ్యా దూరం ఒకటే అయితే అది సమబాహు త్రిభుజం. అలాంటి త్రిభుజం ఎత్తు భుజం కంటే తక్కువ. భుజం 6 అయితే ఎత్తు దాదాపు 5.2, భుజం 2 అయితే 1.73. గళ్ళ పుస్తకంలో మనం ఎత్తును కూడా భుజమంత చేసేశాం.

ఆదివారం మధ్యాహ్నం

మళ్ళీ వేశాం, ఈసారి తెల్ల కాగితం మీద, రెండు రకాలుగా.

పాప పద్ధతి: చీపురు పుల్లను రెండు సెంటీమీటర్ల ముక్కలుగా తుంచుకోవడం. మధ్య వరసలో ఏడు చుక్కలు స్కేలుతో పెట్టాక, పక్కపక్కన ఉన్న రెండు చుక్కల నుంచి రెండు పుల్లలు పైకి వాల్చి, వాటి కొసలు కలిసిన చోట చుక్క పెట్టింది. లెక్క అక్కర్లేదు, కానీ పైవరసకు వెళ్ళేకొద్దీ చిన్న చిన్న తప్పులు కలిసి చివరి వరస కొద్దిగా పక్కకు జరిగింది. పుల్లలు రెండూ ఒకే పొడవున్నాయో లేదో ముందే పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సింది.

పెద్దవాడి పద్ధతి: వరసల గీతలు స్కేలుతో గీయడం. మొదట ప్రతి గీతనూ కింది గీత నుంచి 1.7 లెక్కన గీశాడు. మూడు వరసలకు 5.1 అయింది, 5.2 రావాలి. అందుకని అన్నీ మధ్య వరస నుంచే కొలవమన్నాను. మొదటిది 1.7, రెండోది 3.5, మూడోది 5.2 దగ్గర. పై వరస నుంచి కింది వరసకు 10.4 వచ్చింది. అడ్డం 12. నిన్నటి ముగ్గు 12కి 12 అని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

మడిచాం. మూలల మీదుగా మూడు, భుజాల మధ్య నుంచి మూడు, మొత్తం ఆరు మడతలూ కుదిరాయి. పాప దానిలో ఒక మడత వెంట్రుకవాసి తేడా వచ్చింది, అదీ పైవరస జరిగిన పక్కే.

మంగళవారం

రంగులు. పాప రేకులకు ఒకటి విడిచి ఒకటి ఎరుపు, పసుపు వేసింది. ఇప్పుడు ఎన్ని గీతలు? ముందు ఊహ చెప్పమంటే "ఆరే, ఆకారం మారలేదు కదా" అన్నారు ఇద్దరూ.

అద్దాలను రెండు సందుల మీద పెట్టి, మధ్యలో ఒక ఎర్ర రేకు ఉంచితే ఆరూ ఎర్రవే కనిపించాయి. తప్పు. తర్వాత ఒక అద్దం ఎర్ర రేకు నడుమ, ఇంకొకటి పక్కనున్న పసుపు రేకు నడుమ వచ్చేలా జరిపాం. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు అని అచ్చం కాగితం మీద ఉన్నట్టే వచ్చింది. రేకుల నడుమ వెళ్ళే మూడు గీతలు బతికాయి, సందుల మీదుగా వెళ్ళేవి మూడూ పోయాయి. ట్రేసింగ్ కాగితం మీద దింపి, మధ్యలో పిన్ను గుచ్చి తిప్పి చూస్తే, ఇంతకుముందు 60 డిగ్రీలకే సరిపోయే ముగ్గు ఇప్పుడు 120 తిప్పితే గానీ సరిపోలేదు. సౌష్ఠవం చూసేటప్పుడు రంగును లెక్కలోకి తీసుకుంటున్నామా లేదా అన్నది ముందే చెప్పుకోవాలని రాసి పెట్టుకున్నాను. లేకపోతే ఇద్దరూ వేరే వేరే జవాబులు చెప్పి, ఇద్దరూ సరే అవుతారు.

గురువారం

కాగితం మడిచి ఆరు రేకుల పువ్వు కత్తిరించడం. సగం, మళ్ళీ సగం, మళ్ళీ సగం మడిస్తే ఎనిమిదే వస్తాయి. ఆరు కావాలంటే గుండ్రటి కాగితాన్ని సగం చేశాక మూడు భాగాలు చేయాలి. కంటిచూపుతో మూడు భాగాలు చేస్తే ఒక రేకు లావైంది.

60 డిగ్రీలు మడతతోనే తెచ్చే పద్ధతి ఒకటుంది. పొడుగు కాగితాన్ని నిలువునా సగానికి మడిచి తెరవాలి, మధ్యలో గీత పడుతుంది. కింది ఎడమ మూల కదలకుండా పట్టుకుని, కింది కుడి మూలను ఎత్తి ఆ మధ్య గీత మీద ఆనించాలి. ఆనిన చోటుకూ, కింది రెండు మూలలకూ మధ్య దూరాలు మూడూ సమానం. అమ్మ చెప్పిన సందు చుక్కే ఇది కూడా. అక్కడ చుక్క పెట్టి, ఎడమ మూలకు గీత కలిపితే 60 డిగ్రీలు. ఆ ముక్కను కత్తిరించి అట్ట మీద అంటించాం, గుండ్రటి కాగితం మడవడానికి అదే కొలత.

ఆరు పొరల దాకా పిల్లల కత్తెర తెగింది. ఇంకో సగం మడిస్తే పన్నెండు పొరలు, అప్పుడు పై పొరలు జారి రేకుల కొసలు ఎగుడుదిగుడు అయ్యాయి. పలచటి కాగితం దొరికితే మళ్ళీ చూడాలి.

శనివారం

పెద్దవాడు ఒక్కడే కూర్చుని 13 చుక్కలు, సందు చుక్క, 7 వరకు పెట్టాడు. 127 చుక్కలు వస్తాయని ముందే కూడి చెప్పాడు. పెట్టాక లెక్కపెడితే 126. నాలుగో వరసలో ఒకటి తప్పిపోయింది. దారంతో కర్ణాలు కొలిస్తే 24, 24, 23.8. ఆ రెండు మిల్లీమీటర్లు ఏ వరసలో పోయాయో రేపు వెతుకుతాడట.